అమ్మ ఖర్చు పద్దులో లేని రాత్రులు

పోయిన నెల బంధువుల ఇంట్లో ఒక పంచాయితీకి వెళ్లాల్సి వచ్చింది. ఇద్దరు కొడుకులు, మంచం పట్టిన తల్లి. పెద్దమనుషులు గంటన్నర కూర్చుని తేల్చింది ఇది: తల్లి ఆరు నెలలు పెద్దవాడి దగ్గర ఉండాలి, ఆరు నెలలు చిన్నవాడి దగ్గర ఉండాలి. ఆసుపత్రి ఖర్చు చెరిసగం. అందరూ "న్యాయంగా ఉంది" అనుకుంటూ లేచారు. నేను పిలిచినందుకు వెళ్లినవాణ్ని, నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అదే బాధ. చెరిసగం అన్న మాట ఎంత సులువుగా న్యాయంలా వినిపిస్తుందో నాకు బాగా తెలుసు. ఆ మాట పట్టుకునే నేను మా తమ్ముడితో మూడు నెలలు పోట్లాడాను. అక్కడ చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మేమిద్దరమే, అక్కచెల్లెళ్లు లేరు. నేను హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగిని. తమ్ముడు ఊళ్లోనే అమ్మానాన్నలతో ఉంటూ తెనాలిలో చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతాడు. 2024 నవంబరులో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. అప్పటికి ఆమెకు 74 ఏళ్లు. నాన్నకు 81. నాన్న తన పని తాను చేసుకోగలడు గానీ చూపు సరిగా ఆనదు.

ఆసుపత్రి ఖర్చు గురించి మాకు గొడవ రాలేదు. అది పెద్ద మొత్తమే అయినా ఒక్కసారి వచ్చిపోయేది. చాలావరకు కార్డు మీద గడిచింది, మిగిలింది ఇద్దరం సర్దుకున్నాం. చిక్కంతా ఇంటికి తెచ్చాక మొదలైంది. డెబ్బై దాటినవాళ్లందరికీ ఇప్పుడు ఆయుష్మాన్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది, మంచిదే. కానీ అది ఆసుపత్రిలో పడుకున్నప్పటి మాట. డిశ్చార్జ్ అయ్యాక 15 రోజుల వరకు మందులిస్తారు. పదహారో రోజు నుంచి ఇంట్లో అయ్యే ఖర్చుకు ఏ కార్డూ లేదు. డైపర్లకు లేదు, ఫిజియోథెరపీకి లేదు, మంచం పక్కన కూర్చునే మనిషికి అసలే లేదు.

నేను ఎక్కువే పంపుతున్నానని అనుకున్న రోజులు

మొదటి ఏడు నెలల లెక్క ఇది. ఇద్దరికీ మందులు 4,200. డైపర్లు 2,800. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి ఇంటికొచ్చినందుకు ఒక్కసారికి 400, నెలకు పన్నెండుసార్లు, అంటే 4,800. పాలు, పళ్లు, మెత్తగా చేసిపెట్టే తిండి కలిపి 3,500. డాక్టరు ఫీజు, గుంటూరు తీసుకెళ్లి తెచ్చే కారు కలిపి సగటున 1,700. రోజూ దుప్పట్లు ఉతకడానికి, ఫ్యానూ గాలి పరుపు మోటారూ ఆగకుండా తిరగడానికి అదనపు కరెంటు, సబ్బు కింద 1,200. మొత్తం 18,200.

అమ్మానాన్నలకు సొంత రాబడి ఉంది. రెండెకరాల పొలం కౌలుకిచ్చారు. ఎకరానికి 25 బస్తాల చొప్పున 50 బస్తాలు, బస్తా 1,700 వేసుకుంటే ఏడాదికి 85,000, అంటే నెలకు ఏడు వేలు. నాన్నకు వృద్ధాప్య పింఛను 4,000. కలిపి 11,000. అది తీసేస్తే ప్రతి నెలా తక్కువపడేది 7,200. అందులో సగం 3,600. నేను 5,000 పంపేవాణ్ని.

అంటే లెక్క ప్రకారం నా వంతు కంటే 1,400 ఎక్కువ. ఆ సంగతి నేను తమ్ముడితో ఎప్పుడూ అనలేదు గానీ మనసులో ఉండేది. ఒకటో తారీఖు రాగానే డబ్బు పంపి, సాయంత్రం ఫోన్ చేసి "అమ్మ ఎలా ఉంది?" అని అడిగేవాణ్ని. "బాగానే ఉంది అన్నయ్యా" అనేవాడు. నిజంగానే బాగుంది. ఏడు నెలల్లో ఒంటి మీద ఒక్క పుండు లేదు. పక్షవాతం వచ్చి పడుకున్న మనిషికి పుండు పడకుండా ఉండటం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. అదేదో మామూలు విషయం అనుకున్నాను.

2025 జూన్‌లో మరదలికి నడుం పట్టేసింది. డాక్టరు స్కాన్ చూసి డిస్క్ జరిగింది, బరువులు ఎత్తడానికి వీల్లేదు అన్నాడు. ఏడు నెలలుగా ఆమె ఎత్తుతున్నది 62 కిలోల మనిషిని, రోజుకు ఆరేడుసార్లు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఉండేలా ఒక ఆయాను మాట్లాడారు. నెలకు 12,000. ఖర్చు ఒక్కసారిగా 30,200కు చేరింది. రాబడి పోను తక్కువపడేది 19,200.

తమ్ముడు ఫోన్ చేసి, "ఇక నుంచి నెలకు పదిహేను వేలు పంపాలి అన్నయ్యా" అన్నాడు.

"పంతొమ్మిది వేలకు సగం పదిహేను ఎలా అవుతుందిరా?" అన్నాను. అదీ నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట.

మూడు నెలల మాటలు

ఆ తర్వాత జరిగిన వాదనలో ఇద్దరం అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. కొన్ని మాత్రం రాయాలి, ఎందుకంటే ఇలాంటి ప్రతి ఇంట్లోనూ ఆ మాటలే వస్తాయి.

నేను నా ఈఎంఐ చెప్పాను. చేతికొచ్చే జీతం 96,000, అందులో ఫ్లాట్ లోనుకు 34,000 పోతుంది, ఇద్దరు పిల్లల ఫీజులు వేరే. దానికి వాడు, "ఆ ఈఎంఐ కట్టాక ఫ్లాట్ నీదే కదా అన్నయ్యా. నేను మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చి అమ్మను కుర్చీలో కూర్చోబెడుతున్నాను. ఆ రెండు గంటల బేరం ఎవరి ఖాతాలో పడుతుంది?" అన్నాడు.

నువ్వు అద్దె లేకుండా నాన్న ఇంట్లో ఉంటున్నావు అన్నాను. ఆ మాట అన్న మరుక్షణమే తప్పు చేశానని తెలిసింది గానీ వెనక్కి తీసుకోలేదు. వాడు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి, 2003లో నా ఇంజనీరింగ్ చదువు కోసం నాన్న అమ్మిన ముప్పావు ఎకరం సంగతి తీశాడు. అది ఈరోజు ధరకు ఎంతో లెక్క కట్టి చెప్పాడు. నేను వాడి షాపు అడ్వాన్సు నాన్న ఇచ్చిన సంగతి తీశాను. అక్కడి నుంచి ఇక అమ్మ ఖర్చు మాట పోయింది. ఇరవై ఏళ్ల పద్దులన్నీ తిరగేసుకున్నాం.

ఇప్పుడు తిరిగి చూస్తే, మేమిద్దరం అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ముప్పావు ఎకరం నిజం, షాపు అడ్వాన్సు నిజం, ఈఎంఐ నిజం. నిజాలన్నీ ఒక్కచోట పోస్తే న్యాయం దానంతటదే తేలుతుందనుకున్నాం, అదే మా పొరపాటు. పాత లెక్కలకు అంతు ఉండదు. ముప్పావు ఎకరం దగ్గర ఆగితే నాకు అన్యాయం, షాపు దగ్గర ఆగితే వాడికి అన్యాయం. ఇంకా వెనక్కి వెళ్తే చిన్నప్పుడు ఎవరికి టైఫాయిడ్ వచ్చిందో, ఎవరిని మేనమామ ఇంట్లో పెట్టి చదివించారో దాకా వెళ్లాలి.

నేను పదివేలు అన్నాను. వాడు పదిహేను అన్నాడు. జులై, ఆగస్టు రెండు నెలలు నేను పదివేలే వేశాను. మిగిలింది వాడే పెట్టుకున్నాడు, మళ్లీ అడగలేదు. అలా అడగడం మానేయడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

నాలుగు రాత్రులు

సెప్టెంబరులో మరదలి తమ్ముడి పెళ్లి వచ్చింది. వాళ్లు నలుగురూ వెళ్లాలి. ఆయా పగటి మనిషి, రాత్రి ఉండనంది. నేను సెలవు పెట్టి ఊరెళ్లాను. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు.

మరదలు వెళ్లే ముందు నాకు పని అప్పగించిన తీరు చెప్పాలి. అమ్మ మంచం పక్కన గోడకు ఒక క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అంటించి ఉంది. దాని మీద పెన్సిల్‌తో గంటలు రాసి ఉన్నాయి: ఎడమకు, వెల్లకిలా, కుడికి, మళ్లీ ఎడమకు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. "కుడి చెయ్యి పట్టుకుని లాగకండి బావగారూ, భుజం కీలు జారుతుంది. భుజం కింద మీ చెయ్యి పెట్టి మొత్తం మనిషిని తిప్పాలి" అంది. నడుం కింద, మడమల దగ్గర రోజూ చూడాలట. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎరుపు వస్తే ఫర్వాలేదు, నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టు, ఇక ఆ పక్కకు పడుకోబెట్టకూడదు. అన్నం పెట్టేటప్పుడు పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, ఒక్కో ముద్ద మింగిందని చూశాకే రెండోది పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. నీళ్లు గ్లాసుతో వద్దు, చెంచాతోనే. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ ఆసుపత్రే.

ఆమె నర్సు చదువు చదవలేదు. ఇవన్నీ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ వాళ్లను అడిగి నేర్చుకుంది.

మొదటి రాత్రి పదకొండింటికి పక్క మార్చి పడుకున్నాను. ఒంటిగంటకు ఫోన్ అలారం మోగింది. అమ్మను తిప్పబోతే డైపర్ తడిసింది. మార్చడానికి నాకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అంతసేపూ అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. కొడుకు చేత చేయించుకోవాల్సి వచ్చిందని ఆమె సిగ్గుపడుతోందని నాకు అర్థమైంది. ఏదో ఒకటి మాట్లాడదామని చిన్నప్పటి బర్రె సంగతి ఎత్తాను. కొంచెం నవ్వింది. మూడింటికి మళ్లీ అలారం. ఐదింటికి మళ్లీ. ఐదున్నరకు నాన్న లేచి, "రాత్రి పడుకున్నావా?" అని అడిగాడు.

రెండో రోజు నుంచి నేను ఒక నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను, ఏ పనికి ఎన్ని నిమిషాలని. తమ్ముడితో వాదనలో పనికొస్తుందనే ఆలోచనతోనే మొదలుపెట్టాను, ఆ సంగతి దాచను. ఆయా లేని వేళల్లో, అంటే సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది లోపల, చేతులు పెట్టి చేసిన పని నాలుగు గంటలా పది నిమిషాలు తేలింది. మిగిలిన పది గంటలు ఖాళీ కాదు, చెవి ఆ గదిలోనే ఉంటుంది. నాలుగో రోజుకు నాకు కళ్లు మండిపోయి, మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్రపోయాను. మరదలు ఇది నవంబరు నుంచి చేస్తోంది. జూన్ దాకా పగలు కూడా ఆమే.

అప్పుడు నాకు ఆ 5,000 గుర్తొచ్చింది. నా వంతు కంటే ఎక్కువ పంపుతున్నానని ఏడు నెలలు అనుకున్నాను. ఆ లెక్క సరిపోయింది ఎందుకంటే అందులో ఒక మనిషి పని మొత్తం సున్నాగా పడింది. ఆమె నడుం విరిగి ఆ పనికి ఆయా వచ్చాకే దానికి 12,000 అని ధర కనిపించింది. ఖర్చు జూన్‌లో పెరిగిందని అనుకున్నాం. నిజానికి అది మొదటి రోజు నుంచీ ఉంది, ఒకరు ఒంటితో కడుతూ వచ్చారు, అంతే.

నాన్న ఖాతా పుస్తకం ముందు

వాళ్లు పెళ్లి నుంచి వచ్చిన రాత్రి భోజనాలయ్యాక నాన్న తన పాత ఖాతా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కౌలు లెక్కలు రాసుకునే పుస్తకం అది. "ఇద్దరూ దీంట్లో రాయండి. నోటితో వద్దు" అన్నాడు. అలా అనగలిగే పెద్ద ఇంట్లో ఉండటం మా అదృష్టం. అమ్మ పడుకున్న గది తలుపు వేయబోతే మరదలు ఆపింది. "అత్తయ్యకు వినపడనీయండి. ఆమె గురించే కదా."

ముందు ఖర్చు రాశాం: 30,200. దాని కింద నేను ఇంకో పద్దు రాశాను: రాత్రి మనిషి, 15,000. మా ఊళ్లో రాత్రికి ఆయా కావాలంటే 500 అడుగుతున్నారు. ఆ డబ్బు మేం ఎవరికీ ఇవ్వడం లేదు, ఎందుకంటే ఆ పని తమ్ముడూ మరదలూ చేస్తున్నారు. అయినా పద్దులో ఉండాలి. మొత్తం 45,200. అమ్మానాన్నల రాబడి 11,000 పోను 34,200.

తర్వాత రాబడులు. నాది జీతం చీటీ మీద ఉంది. తమ్ముడిది షాపు, ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. వాడే ఏడాది సరుకు బిల్లులు చూసి నెలకు నలభై ఐదు, యాభై మధ్య అన్నాడు. నేను అడ్డుప్రశ్న వేయలేదు. రెండుకు ఒకటి అనుకున్నాం. ఆ ప్రకారం నా వంతు 22,800, వాడిది 11,400. వాడు రాత్రుల రూపంలో ఇప్పటికే 15,000 ఇస్తున్నాడు. అంటే చేతి నుంచి పెట్టాల్సిన 19,200 మొత్తం నేనే పెట్టాలి, అప్పటికీ వాడికి నేను 3,600 బాకీ. మొదట్లో నా న్యాయమైన వంతు అని నేను అనుకున్నదీ సరిగ్గా 3,600 రూపాయలే. పుస్తకంలో ఆ అంకె చూసి నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

తమ్ముడు ఒప్పుకోలేదు. నాకు నష్టంగా ఉన్నందుకు కాదు, తనకు అవమానంగా ఉన్నందుకు. "అంటే అమ్మకు నేను రూపాయి కూడా పెట్టనా? నేనేమన్నా ఇక్కడ జీతానికున్నానా అన్నయ్యా?" అన్నాడు. గొంతు పూడిపోయింది. నేను గెలిపించాననుకున్న లెక్కే వాడికి గుచ్చుకుంది.

మరదలు అన్న మాట ఇంకొకటి. "రాత్రికి ఐదు వందలని రాశారు, సరే. నాకు ఆ డబ్బు వద్దు బావగారూ. నెలకు రెండు రాత్రులు నిద్ర కావాలి."

చివరికి కుదిరింది ఇలా. నేను నెలకు 16,000 పెడతాను, తమ్ముడు 3,200. ఇది కాక ఇద్దరి పేరా ఒక ఖాతా తెరిచి నేను 2,000, వాడు 1,000 వేస్తాం, అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అందులోంచి తీస్తాం. నెలకో శుక్రవారం రాత్రి నేను ఊరికి బయల్దేరాలి. శని, ఆది రాత్రులు అమ్మ దగ్గర నేనే. ఆ రెండు రాత్రులు వాళ్లు గది తలుపేసుకుని పడుకుంటారు. ఎండాకాలంలో పది రోజులు నేను ఇక్కడ ఉంటే వాళ్లు పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళ్తారు. పాత లెక్కలు, అంటే ముప్పావు ఎకరం, షాపు అడ్వాన్సు, అద్దె, ఇక ఈ పుస్తకంలోకి రాకూడదు. మూడు నెలలకోసారి అంకెలు మళ్లీ చూసుకోవాలి. నాన్న తేదీ వేసి కింద సంతకం పెట్టాడు, తర్వాత మేం పెట్టాం.

నెలకు 18,000 నాకు తేలిక కాదు. కారు కొనే ఆలోచన మానుకున్నాం. నా భార్య మొదట రెండు రోజులు మౌనంగా ఉంది. నోటు పుస్తకం చదివాక, "నువ్వు ఒక్కడివే వెళ్తే సరిపోదు, నెల విడిచి నెల నేనూ వస్తాను" అంది.

నాకు తోచే అభ్యంతరాలు

ప్రేమతో చేసే పనికి ధర కడతారా అని మా పెద్దమ్మ కొడుకు నన్ను నిలదీశాడు. ఈ ప్రశ్న నన్నూ ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. కోడల్ని ఆయా పక్కన పెట్టి అంకె రాయడం చూసినప్పుడు నా చెయ్యి కూడా ఆగింది. కానీ రాయకపోతే ఏమవుతుందో ఏడు నెలలు చూశాం. రాయని పనిని ఎవరూ ప్రేమగా గుర్తించలేదు, అసలు గుర్తించనే లేదు. ఫోన్‌లో నేను ఒక్కసారి కూడా "మీకు నిద్ర ఉంటోందా?" అని అడగలేదు. ఆ అంకె మరదలికి ఇచ్చే కూలి కాదు, నా కళ్లకు కనిపించడం కోసం రాసిన గుర్తు. ఆమె డబ్బు వద్దని నిద్ర అడిగింది. పద్దు రాయకపోతే ఆ మాట అడిగే చోటు కూడా ఆమెకు దొరికేది కాదు.

తల్లిని ఆరేసి నెలలు ఒక్కొక్కరి దగ్గర ఉంచుకునేలా వంతులు వేసుకుంటే పనీ సమానంగా పంచుకున్నట్టే కదా అంటారు కొందరు. ఆరోగ్యంగా తిరిగే తల్లిదండ్రులకు, వాళ్లకే ఇష్టమైతే, బాగుంటుందేమో. మంచంలో ఉన్న మనిషికి మాత్రం కాదు. అమ్మ ఇప్పుడు బాత్రూమ్ గోడకు బిగించిన కమ్మీ ఎడమ చేత్తో పట్టుకుని అర నిమిషం నిలబడగలదు. ఆ కమ్మీ ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. ఆయా మాట ఆమెకు తెలుసు, ఫిజియోథెరపీ అబ్బాయికి ఆమె కాలు ఎంతవరకు లేస్తుందో తెలుసు. ఆరు నెలలకోసారి మనిషిని మూడో అంతస్తు ఫ్లాటుకు మార్చితే ఇవన్నీ మొదటికి వస్తాయి. కొడుకులకు సమానంగా ఉండటం కోసం తల్లిని కదిలించడమే వంతుల పద్ధతి. మనిషిని ఉన్నచోటే ఉంచి డబ్బూ రాత్రులూ ఆమె దగ్గరికి కదలాలి. నేను బస్సెక్కడం అమ్మ అంబులెన్సు ఎక్కడం కంటే తేలిక.

చట్టం ఉంది కదా, ఇంత లెక్క ఎందుకు అని అడిగినవాళ్లూ ఉన్నారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి దగ్గర ఫిర్యాదు చేసుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. కొడుకులకే కాదు, కూతుళ్లకూ బాధ్యత ఉంటుంది. తల్లిదండ్రులు ఒక్క కొడుకు మీదే వేస్తే అతను మిగిలినవాళ్లనూ చేర్చమని అడగొచ్చు. అసలు పట్టించుకోని పిల్లలున్న ఇంట్లో అది పెద్ద ఆసరా. కానీ ఆ చట్టం పెట్టిన గరిష్ఠ భరణం నెలకు 10,000. మా ఇంట్లో తక్కువపడేదే అంతకు దాదాపు రెట్టింపు. సంతానం లేని వృద్ధులను వారసులు చూడాల్సి వస్తే, ఆస్తి ఏ నిష్పత్తిలో వస్తుందో ఖర్చూ ఆ నిష్పత్తిలో భరించాలని చట్టం రాసింది. అన్నదమ్ముల్లో ఎవరు ఎంత అన్నదానికి అలాంటి కొలత ఇవ్వలేదు. ఇక రాత్రి మూడింటికి ఎవరు లేవాలో ఏ అధికారీ ఉత్తర్వు ఇవ్వలేడు.

ఆస్తి విషయం ఒక్కటి మాకు ఇంకా తెగలేదు. చూసుకుంటున్న కొడుకుకు ఇల్లు రాసిస్తానని నాన్న అన్నాడు. తమ్ముడికి రావడం నాకు సమ్మతమే. ఇప్పుడే దానపత్రం రాయడం మాత్రం వద్దన్నాను. రాస్తే, చూసుకోవాలన్న షరతు ఆ పత్రంలోనే స్పష్టంగా ఉండాలి. లేకపోతే రేపు ఏదైనా తేడా వచ్చి దాన్ని రద్దు చేయించాలంటే చాలా కష్టం. వీలునామా అయితే నాన్న బతికున్నన్నాళ్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఇల్లు ఆయన పేరునే ఉంటుంది. దీనికి తమ్ముడు, "నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం ఉంది. అయినా ఈ రెండింటినీ కలపకూడదనే నా అభిప్రాయం. ఇల్లు ఆశ పెట్టి చేయించుకున్నట్టు అమ్మకు అనిపించకూడదు, ఇల్లు కోసం చేస్తున్నాడని ఊరు వాణ్ని అనకూడదు. మరి అంత చేసినవాడికి చివర్లో సమాన వాటా అంటే న్యాయమా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కాదనే అనిపిస్తుంది. అది నాన్న తేల్చాలి, మేం కాదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఈ లెక్క మా దగ్గర పనిచేసింది ఎందుకంటే ఒకడికి నెల జీతం ఉంది, రెండెకరాల కౌలు ఉంది. ఇద్దరు అన్నదమ్ములూ కూలికి వెళ్లేవాళ్లయితే పద్దు ఎంత బాగా రాసినా ఆయాకు ఇచ్చే 12,000 ఎక్కడి నుంచీ రాదు.

మొన్న మొదటిసారి అంకెలు మళ్లీ చూసుకున్నాం. ఫిజియోథెరపీ నెలకు ఎనిమిదిసార్లు చాలన్నారు, 1,600 తగ్గింది. డైపర్లు పెరిగాయి. తమ్ముడు ఇప్పుడు మధ్యాహ్నం షాపు మూయడం లేదు, ఆయా కుర్చీలో కూర్చోబెట్టడం నేర్చుకుంది. మరదలి నడుం ఇంకా నొప్పిగానే ఉంది. ఆమె ఫిజియోథెరపీ ఖర్చు వాళ్ల సొంత ఖర్చుగా పోతోందని పోయినసారి వెళ్లినప్పుడు తెలిసింది. ఆ నొప్పి అమ్మను ఎత్తి వచ్చిందే కాబట్టి అది కూడా ఈ పుస్తకంలోనే రాయాలని నేనన్నాను. తమ్ముడు వద్దన్నాడు, నాన్న ఆలోచిద్దామన్నాడు. ఈ శుక్రవారం రాత్రి బస్సుకు టిక్కెట్ తీసుకున్నాను. పుస్తకంలో ఆ పద్దు కోసం ఒక గీత ఖాళీగా వదిలి ఉంది.